పోయిన స్లాట్ కాదు, ఖాళీ అయ్యే స్లాట్ అడగండి

ప్రశ్న: స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూకి షార్ట్‌లిస్ట్ అయ్యాను. మెయిల్‌లో స్లాట్ గురించి ఏదో ఉంది కానీ స్పష్టంగా లేదు. టైమ్ ఖరారు చేస్తూ ఇంకో మెయిల్ వస్తుందనుకుని ఊరుకున్నాను. నిన్న రాత్రి పోర్టల్ తెరిస్తే స్లాట్ రద్దయిందని ఉంది. ఇంటర్వ్యూలు ఇంకా మూడు రోజులు జరుగుతాయట. ఇప్పుడు మెయిల్ పెడితే ఉపయోగం ఉంటుందా? మెసేజ్ సరిగ్గా లేకపోవడం వాళ్ళ తప్పే అని ఎలా చూపించాలి?

సమాధానం:

మెయిల్ తప్పకుండా పెట్టండి, అదీ ఈ పూటే. తప్పు ఎవరిదన్న లెక్క మాత్రం ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఆ లెక్క తేలినా స్లాట్ రాదు. ఎందుకు రాదో అర్థం కావాలంటే ఒక కేసు మొదటి నుంచి చెప్పాలి.

నేను కొన్నేళ్ళు ఒక స్కాలర్‌షిప్ కమిటీకి ఇంటర్వ్యూల షెడ్యూల్ వేసే పని చేశాను. ఇప్పుడు ఆ పనిలో లేను, విద్యార్థులకి దరఖాస్తుల విషయంలో సాయం చేస్తుంటాను. 2025 జూన్‌లో ఒకమ్మాయికి అచ్చం మీకు జరిగినట్టే జరిగింది. అది వేరే దేశపు కమిటీ, నేను పనిచేసింది కాదు. పేర్లు మనకి అనవసరం. ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి: ఆ కమిటీ ఆఫీసు గడియారం మన గడియారం కన్నా నాలుగున్నర గంటలు ముందుంటుంది.

మంగళవారం మధ్యాహ్నం ఆమెకి మెయిల్ వచ్చింది. సబ్జెక్ట్ లైన్‌లో ఇంటర్వ్యూ అన్న మాటే లేదు, "మీ దరఖాస్తు స్థితిలో మార్పు" అని ఉంది. లోపల ఇంగ్లీషులో ఉన్నది తెలుగులో పెడితే ఇంతే:

> అభినందనలు. మీరు తదుపరి దశకు ఎంపికయ్యారు. శుక్రవారం 2:00 గంటల స్లాట్ మీకు తాత్కాలికంగా కేటాయించాం. బుధవారం ముగిసేలోగా దయచేసి మీ సమ్మతి తెలియజేయండి. మరిన్ని వివరాలకు పోర్టల్ చూడగలరు.

కింద `invite.ics` అని ఒక అటాచ్‌మెంట్ ఉంది. ఆమె దాన్ని తెరవలేదు. ఫోన్‌లో నొక్కితే ఏదో అర్థంకాని ఫైల్ అని చూపించిందట, వదిలేసింది.

మీరు కూడా ఆ మెయిల్ ఒకసారి చదివి చూడండి. ఆమె ఎలా చదివిందో మీకూ అలాగే అనిపిస్తుంది. శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలకి ఇంటర్వ్యూ, బుధవారం రాత్రిలోగా సరే అని చెప్పాలి. అంతేగా? మంగళవారం రాత్రి ఇంట్లో అందరికీ చెప్పింది. బుధవారం పగలంతా ల్యాబ్‌లో పనిలో ఉండిపోయి, రాత్రి 9:04కి ఆ మెయిల్‌కే రిప్లై కొట్టింది: "ధన్యవాదాలు. శుక్రవారం 2:00 గంటలకి అందుబాటులో ఉంటాను." గడువుకి ఇంకా దాదాపు మూడు గంటలు ఉండగానే ఇచ్చానని నిశ్చింతగా పడుకుంది. గురువారం మొత్తం ప్రిపరేషన్.

శుక్రవారం ఒంటిగంటన్నరకే ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. పక్కన ఛార్జర్, సర్టిఫికెట్ల ఫైలు, మంచినీళ్ళు. మీటింగ్ లింక్ కోసం పోర్టల్ తెరిస్తే లింక్ ఉండాల్సిన చోట `Status: Released` అని బూడిదరంగు అక్షరాల్లో ఉంది. రిఫ్రెష్ కొట్టింది. లాగౌట్ అయి మళ్ళీ లాగిన్ అయింది. ఫోన్‌లో తెరిచి చూసింది. రెండు దాటాక నాకు ఫోన్ చేసి మొదట అన్న మాట, "మేడమ్, పోర్టల్ పని చేయట్లేదు."

స్లాట్ పోయిందన్న ఆలోచనే ఆ పిల్లకి రాలేదు. రావడానికి కారణమూ లేదు, తాను రిప్లై ఇచ్చింది కదా.

"ముందు సెంట్ ఫోల్డర్ తెరువమ్మా, నువ్వు పంపిన మెయిల్ ఎవరికి వెళ్ళిందో పైన చూడు" అన్నాను. చదివింది. అడ్రస్ `noreply` అని మొదలైంది. అలాంటి అడ్రస్‌కి వచ్చే ఉత్తరాలు ఎవరూ చదవరు. కొన్నిచోట్ల వెంటనే తిరిగొస్తాయి, అప్పుడైనా తెలుస్తుంది. చాలాచోట్ల చప్పుడు లేకుండా మాయమైపోతాయి, మనకి మాత్రం వెళ్ళిపోయినట్టే కనిపిస్తుంది. ఆమెది ఈ రెండో రకం. ఇక కమిటీ అడిగిన సమ్మతి ఎక్కడ ఇవ్వాలంటే, పోర్టల్‌లో లాగిన్ అయి స్లాట్ పక్కన ఉన్న `Confirm` బటన్ నొక్కాలి. మెయిల్‌లో ఆ ముక్క లేదు. "వివరాలకు పోర్టల్ చూడగలరు" అన్న వాక్యం వెనక దాక్కుని ఉంది. వివరాలు అంటే ఎవరైనా డ్రెస్ కోడో, ఏ పత్రాలు తెచ్చుకోవాలో అనుకుంటారు. అసలు పని అక్కడుందని ఎందుకనుకుంటారు?

తర్వాత గడువు లెక్క చూశాం. బుధవారం ముగిసేది ఎవరి గడియారంలో? మెయిల్‌లో లేదు. పోర్టల్‌లో సమయాలన్నీ ఆఫీసు టైమ్‌లోనే ఉన్నాయి. వాళ్ళకి రాత్రి 11:59 అయ్యేసరికి మనకి సాయంత్రం 7:29. ఆమె 9:04కి రిప్లై ఇచ్చేసరికి అక్కడ గురువారం తెల్లవారుజామున 1:34. అంటే ఆ మెయిల్ ఎవరైనా చదివినా అప్పటికే గంటన్నర ఆలస్యం. ఈ సంగతి చెప్పినప్పుడు ఆమె కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "నేను రిప్లై ఇచ్చాను కదా మేడమ్" అని మళ్ళీ అంది.

మూడోది చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం ఆలోచించాను. కానీ కమిటీకి ఏం రాయాలన్నా ముందు మనకి నిజం మొత్తం తెలియాలి. ఆ `invite.ics` ఫైల్‌ని కంప్యూటర్‌లో నోట్‌ప్యాడ్‌తో తెరవమన్నాను. అది క్యాలెండర్‌లో చేర్చుకునే ఫైల్, లోపల ఉండేది మామూలు టెక్స్టే, ఎవరైనా చదవొచ్చు. అందులో రెండు లైన్లు:

```
DTSTART:20250613T040000Z
DTEND:20250613T042000Z
```

2025 జూన్ 13, శుక్రవారం, 04:00 నుంచి 04:20 వరకు. చివర ఉన్న `Z` అంటే ఆ సమయం యూటీసీలో, అంటే ప్రపంచమంతా లెక్కకి వాడే ప్రామాణిక సమయంలో ఉందని అర్థం. మనం యూటీసీకి ఐదున్నర గంటలు ముందుంటాం కాబట్టి మన లెక్కలో ఉదయం 9:30. వాళ్ళు రాసిన 2:00 వాళ్ళ మధ్యాహ్నం రెండు. ఆమె బటన్ నొక్కి ఉన్నా, రెండింటికి సిద్ధమై కూర్చునేసరికి ఇంటర్వ్యూ అయిపోయి నాలుగు గంటలు దాటేది. అదే ఆ ఫైల్‌ని మంగళవారమే క్యాలెండర్‌లో చేర్చి ఉంటే, క్యాలెండర్ దానంతట అదే మన టైమ్‌కి మార్చి 9:30 అని చూపించేది. రెండు అనుకున్నచోట తొమ్మిదిన్నర కనిపిస్తే ఎవరైనా ఆగి చూస్తారు. మెయిల్ మొత్తంలో సమయాన్ని అనుమానానికి తావు లేకుండా చెప్పింది ఆమె తెరవని ఆ అటాచ్‌మెంట్ ఒక్కటే. మీ మెయిల్‌కీ ఇలాంటి ఫైల్ ఉందేమో చూడండి, ఉంటే దాచిపెట్టుకోండి.

ఇప్పుడు అటువైపు ఏం జరుగుతుందో చెబుతాను, ఎందుకంటే మీరు రాయబోయే మెయిల్‌కి ఇదే ఆధారం.

ప్యానెల్‌లో ముగ్గురో నలుగురో ఉంటారు. ప్రొఫెసర్లు, బయటి నిపుణులు, ఎవరి పనులు వాళ్ళకుంటాయి. వాళ్ళందరికీ కుదిరే రెండు మూడు రోజులు దొరకడమే గగనం. ఆ రోజుల్ని ఇరవై ఇరవై నిమిషాల ముక్కలుగా కోసి, మధ్యలో మార్కులు వేసుకోవడానికి కాస్త విరామం ఇచ్చి, రోజు చివర ఒకటో రెండో ముక్కలు ఖాళీగా ఉంచుతాం. స్లాట్లకన్నా ఎక్కువమంది అర్హులుంటారు కాబట్టి రిజర్వ్ జాబితా ఒకటి సిద్ధంగా ఉంటుంది. సమ్మతి గడువు పెట్టేది అందుకే. గడువు దాటగానే సమ్మతి రాని స్లాట్లు విడుదలవుతాయి, రిజర్వ్ జాబితాలో మొదటి పేరుకి వెళ్తాయి. చాలాచోట్ల ఇది సాఫ్ట్‌వేరే చేసేస్తుంది, మనిషి ప్రమేయం ఉండదు. ఆ అమ్మాయి గురువారం ప్రిపేర్ అవుతున్న సమయానికే ఆ స్లాట్ ఇంకొకరి చేతిలో ఉంది.

అందరూ పొరబడేది ఇక్కడే. స్లాట్ పోయేది ఇంటర్వ్యూ వేళకి కాదు, సమ్మతి గడువుకి. "ఇంటర్వ్యూకి ఇంకా రెండు రోజులుంది కదా, తిరిగి ఇచ్చేయొచ్చు కదా" అని అడుగుతారు. ఇవ్వాలంటే ఇంకొకరికి రాతపూర్వకంగా ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవాలి. అవతల ఉన్నది కూడా ఒక విద్యార్థే, గడువులోగా బటన్ నొక్కిన విద్యార్థి. ఏ కమిటీ అయినా ఆ పని చేయడం నేను చూడలేదు.

కొత్తగా ఒక స్లాట్ కలపొచ్చు కదా అంటారా? ప్యానెల్ సభ్యులందరి సమయం పొడిగించాలి. ఒకరికి కలిపితే అదే కారణం చెప్పిన మిగతావాళ్ళకీ కలపాలి. అది ఛైర్మన్ స్థాయిలో తేలాల్సిన విషయం, తేలేలోపు ఇంటర్వ్యూలే అయిపోతాయి. మీ మెయిల్ చదివే కోఆర్డినేటర్ చేతిలో ఈ రెండూ లేవు. ఆ మనిషి చేతిలో ఉన్నది ఒక్కటే: ఎవరైనా మానేస్తే ఆ ఖాళీని ఎవరితో నింపాలన్నది. ఖాళీలు వస్తాయి కూడా. వేరేచోట సీటు ఖాయమైనవాళ్ళు ముందురోజు సాయంత్రం "రాలేకపోతున్నాం" అని రాస్తారు. కొందరు చెప్పకుండానే రారు. రోజు చివర ఉంచిన ఖాళీ ముక్కలు మాత్రం మీకు వస్తాయని ఆశ పెట్టుకోకండి. అవి ఇంటర్వ్యూ మధ్యలో నెట్ పోయినవాళ్ళకి, ముందువాళ్ళది సాగితే వెనక్కి జరిగినవాళ్ళకి వెళ్తాయి.

అందుకే కోఆర్డినేటర్‌ని ఆయన చేయగలిగిన పనే అడగాలి. "నా స్లాట్ నాకివ్వండి" అంటే జవాబు కాదనే వస్తుంది, ఆ జవాబుతో మీ ఫైలు మూసేస్తారు. "ఎవరైనా మానుకుంటే నన్ను పిలవండి, ఫలానా వేళల్లో సిద్ధంగా ఉంటాను" అంటే మీ పేరు ఒక జాబితాలోకి ఎక్కుతుంది.

ఆ అమ్మాయి విషయానికొస్తే, నాకు ఫోన్ చేసేలోపే ఒక మెయిల్ డ్రాఫ్ట్ రాసుకుంది. రెండు పేజీలు. మెయిల్ ఎంత అస్పష్టంగా ఉందో వాక్యం వాక్యం విడదీసి చూపించింది. నిజానికి అందులో ప్రతి ముక్కా సరైనదే. ఆఖర్లో తనకి న్యాయం జరగకపోతే పై అధికారులకి రాస్తానని కూడా ఉంది. అది పంపొద్దన్నాను. కోపం తప్పని కాదు. అలాంటి మెయిల్ వస్తే కోఆర్డినేటర్ దాన్ని ఫిర్యాదుగా భావించి ఫిర్యాదుల విభాగానికి పంపిస్తారు. అక్కడ జవాబు వారాల మీద వస్తుంది. ఇంటర్వ్యూలు ఇంకా మిగిలింది సోమ, మంగళవారాల్లో మాత్రమే.

దాని బదులు పంపింది ఇది, ఇంగ్లీషు నుంచి తెలుగులో:

> నమస్కారం. నా దరఖాస్తు సంఖ్య ఇది. శుక్రవారం, జూన్ 13న నాకు కేటాయించిన స్లాట్ విడుదలైనట్టు పోర్టల్‌లో ఇప్పుడే చూశాను. బుధవారం భారత టైమ్ ప్రకారం రాత్రి 9:04కి (మీ టైమ్ గురువారం 1:34 AM) మీ మెయిల్‌కి రిప్లై ద్వారా సమ్మతి పంపాను. పోర్టల్‌లో నిర్ధారించాలని, గడువు మీ టైమ్ ప్రకారమని నాకు ఆ మెయిల్ ద్వారా అర్థం కాలేదు. పంపిన మెయిల్ స్క్రీన్‌షాట్ జతచేశాను. ఆ స్లాట్ తిరిగి ఇవ్వమని అడగడం లేదు. సోమ, మంగళవారాల్లో ఏ స్లాట్ ఖాళీ అయినా, పదిహేను నిమిషాల ముందు చెప్పినా సిద్ధంగా ఉంటాను. మీ టైమ్ 9:00 నుంచి 17:00 వరకు ఈ నంబర్‌లో దొరుకుతాను.

ఆలస్యం జరిగిందని ఆమె దాచలేదు, 1:34 అని తనే రాసింది. అది రాయడం ఆమెకి మొదట అస్సలు ఇష్టం లేదు. "మనమే ఒప్పుకున్నట్టు అవుతుంది కదా" అంది. కానీ ఆ గంట వాళ్ళ లెక్కల్లో ఎలాగూ ఉంటుంది. మెయిల్ ఎప్పుడు చేరింది, పోర్టల్‌లో ఎప్పుడు లాగిన్ అయ్యారు అన్నవి వాళ్ళకి కనిపిస్తాయి. ఇదే కారణంగా, చేరిన మెయిల్‌ని "నాకు చేరలేదు" అని ఎప్పుడూ రాయకండి. అది రుజువైతే ఇంటర్వ్యూ సంగతి అటుంచి దరఖాస్తు మీదే నమ్మకం పోతుంది. నిజంగానే మెయిల్ స్పామ్‌లో పడి ఉంటే అలాగే రాసి, స్పామ్ ఫోల్డర్ స్క్రీన్‌షాట్ పెట్టండి. జీమెయిల్ స్పామ్‌లో ఉన్నవాటిని 30 రోజుల తర్వాత చెరిపేస్తుంది కాబట్టి ముందే బయటికి తీసి ఉంచుకోండి.

అస్పష్టత గురించి ఒక్క వాక్యం చాలు, అది కూడా "నాకు అర్థం కాలేదు" అన్న రూపంలో. చదివే మనిషికి మెయిల్‌లో లోపం ఎక్కడుందో ఆ ఒక్క వాక్యంతోనే తెలిసిపోతుంది. నేను షెడ్యూల్ పనిలో ఉన్నప్పుడు ఒకే వారంలో ఇద్దరు ముగ్గురు ఇదే మాట రాస్తే మెయిల్ నమూనా తెరిచి చూసేవాళ్ళం. రెండు పేజీల విశ్లేషణ వస్తే సగం చదివి పక్కన పెట్టేవాళ్ళం, ఉన్నమాట చెబుతున్నాను.

ఎవరికి పంపామన్నది కూడా ముఖ్యమే. `noreply`కి కాదు. దరఖాస్తు ప్రకటన పీడీఎఫ్ చివరి పేజీలో సంప్రదించాల్సిన అడ్రస్ ఒకటి ఉంది, దానికి. సబ్జెక్ట్ లైన్‌లో దరఖాస్తు సంఖ్య, "విడుదలైన స్లాట్, ఖాళీ ఉంటే సిద్ధం" అన్న అర్థం వచ్చేలా నాలుగు మాటలు. కొన్ని మెయిళ్ళకి రిప్లై అడ్రస్ వేరుగా పెడతారు, కాబట్టి రిప్లై నొక్కాక పైన `To` దగ్గర ఏ అడ్రస్ వచ్చిందో ప్రతిసారీ చూడాలి. రెండు సెకన్ల పని.

మనకి శుక్రవారం మూడు గంటలకల్లా మెయిల్ వెళ్ళిపోయింది. అప్పటికి అక్కడ సాయంత్రం ఏడున్నర, ఆఫీసు మూసేశారు, ముందు రెండు రోజులు సెలవు. గురువారం ఉదయమే ఆమె ఒక్కసారి పోర్టల్ తెరిచి ఉంటే కథ వేరేగా ఉండేదేమో. విడుదలైన వెంటనే రాసినవాళ్ళ పేరు రిజర్వ్ జాబితాలో పైన చేరే అవకాశం ఉంటుంది. ఒకరోజు గడిచేసరికి పైన ఇంకొకరు చేరారు.

సోమవారం మన టైమ్ ప్రకారం తెల్లవారి 5:20కి జవాబు వచ్చింది. మర్యాదగానే రాశారు. పాత స్లాట్ పునరుద్ధరించడం కుదరదు, పేరు స్టాండ్‌బై జాబితాలో రెండో స్థానంలో పెట్టాం, రెండు రోజులూ ఫోన్ దగ్గర పెట్టుకోండి అని. వాళ్ళ 9 నుంచి 5 అంటే మనకి తెల్లవారి 4:30 నుంచి మధ్యాహ్నం 12:30 వరకు. రెండు రోజులూ నాలుగింటికే లేచి, తయారై, ల్యాప్‌టాప్ తెరిచి కూర్చుంది. సోమవారం ఎవరూ మానలేదు. మంగళవారం పదిన్నర ప్రాంతంలో ఒకరు తప్పుకున్నారు, ఆ స్లాట్ జాబితాలో మొదటివారికి వెళ్ళింది. పన్నెండున్నర దాటింది. ఆ ఏడాది ఆమెకి ఇంటర్వ్యూ జరగలేదు.

రాకపోయినా ఆ మెయిల్ వృథా కాలేదు. మంగళవారం సాయంత్రం మేం ఇంకొక చిన్న మెయిల్ పెట్టాం, కృతజ్ఞతలు చెబుతూ ఒక్క ప్రశ్న అడిగాం: వచ్చే విడతకి ఇదే దరఖాస్తు, ఇవే సిఫారసు లేఖలు పనికొస్తాయా అని. దరఖాస్తు కొత్తగా వేయాలి, సిఫారసు లేఖలు పోర్టల్‌లో ఉన్నవే వాడుకోవచ్చన్నారు. మళ్ళీ ప్రొఫెసర్ల చుట్టూ తిరిగే పని తప్పింది. ఇంటర్వ్యూ చేతికి రాదని తేలాక ఈ ప్రశ్న మీరూ అడగండి. ఎవరూ వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.

ఇక మీ సంగతి. మీకు ఇంకా మూడు రోజులున్నాయి. ఆ అమ్మాయికన్నా మీరు మెరుగైన చోట ఉన్నారు. పైన ఉన్న మెయిల్‌లో ఆమె రిప్లై గురించిన వాక్యం మీకు వర్తించదు, మీరు అసలు స్పందించలేదు కదా. దాని స్థానంలో జరిగింది జరిగినట్టు రాయండి: టైమ్ ఖరారు చేస్తూ ఇంకో మెయిల్ వస్తుందని అనుకున్నాను అని. కారణం అంతకంటే పెద్దది చేయకండి, ఆరోగ్యం బాగాలేదనో నెట్ లేదనో కలపకండి. మీ కమిటీ వేరే దేశానిదైతే వేళలు రెండు గడియారాల్లోనూ రాయండి. ఫోన్ నంబర్ ఇచ్చారా లేదా అని పంపేముందు ఇంకోసారి చూసుకోండి. ఖాళీ వచ్చినప్పుడు కోఆర్డినేటర్‌కి మెయిల్ రాసి జవాబు కోసం ఎదురుచూసే తీరిక ఉండదు, ఫోన్ ఎత్తినవాళ్ళకే స్లాట్. తెలియని నంబర్లని సైలెంట్‌లో పెట్టే సెట్టింగ్ మీ ఫోన్‌లో ఉంటే ఈ మూడు రోజులు తీసేయండి.

ఒక మెయిల్ పెట్టాక రోజు గడిచినా జవాబు లేకపోతే, అదే మెయిల్‌కి కొనసాగింపుగా ఒక వాక్యం రాయొచ్చు, లేదా ప్రకటనలో నంబర్ ఉంటే ఆఫీసు వేళల్లో ఒకసారి ఫోన్ చేయొచ్చు. అంతకుమించి వెంటపడితే చిరాకు తప్ప ఇంకేం మిగలదు. ప్యానెల్ సభ్యుల మెయిల్ అడ్రస్‌లు వెతికి వాళ్ళకి నేరుగా రాయకండి. అభ్యర్థి బయటి నుంచి ప్యానెల్‌ని సంప్రదించడం చాలాచోట్ల నిబంధనలకే విరుద్ధం.

ఇంటర్వ్యూ వచ్చినా, వచ్చే విడతకి వెళ్ళినా, ఇలాంటి మెయిల్ మళ్ళీ వస్తుంది. అప్పుడు "ఏ టైమ్ జోన్ అండీ?" అని అడిగి జవాబు కోసం కూర్చోకండి, జవాబు గడువులోపు వస్తుందన్న నమ్మకం లేదు. ముందు పోర్టల్‌లో బటన్ ఉందేమో చూసి నొక్కేయండి. ఆ తర్వాత సంప్రదింపుల అడ్రస్‌కి మీకు అర్థమైనదాన్నే రాసి పంపండి: "జూన్ 13, శుక్రవారం, మీ టైమ్ 2:00 PM, నా టైమ్ 9:30 AM, యూటీసీ 04:00. ఈ స్లాట్‌కి సమ్మతి పోర్టల్‌లో ఇచ్చాను. ఇందులో పొరపాటుంటే తెలియజేయండి." పొరపాటుంటే చదివినవాళ్ళు సరిదిద్దుతారు, లేకపోతే వాళ్ళు ఊరుకున్నా నష్టం లేదు. రేపు ఏదైనా తేడా వస్తే గడువులోపే మీరు తేదీ, వేళలతో సహా రాశారన్న కాగితం మీ దగ్గరుంటుంది. ఆ అమ్మాయి ఈ ఏడాది విడతలో మొదటి మెయిల్ రాగానే పంపింది ఇలాంటిదే. పదిహేను నిమిషాల్లో జవాబొచ్చింది: తేదీ సరే, టైమ్ మాత్రం AM కాదు, PM అని.